జీతం ఇచ్చేవాళ్లు ఫీజు అడగరు

ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు గుంజడం కొత్త మోసమేమీ కాదు. పాతరోజుల్లో దళారి ఊళ్లో తిరిగేవాడు, తెల్లచొక్కా వేసుకుని ఇంటికి వచ్చేవాడు, మంత్రిగారి పీఏ తనకు దగ్గరివాడని చెప్పేవాడు. మోసపోయాక కనీసం వాడి ఇల్లు ఎక్కడో తెలిసేది. ఇప్పుడు దళారి ఫోన్‌లోకి వచ్చాడు. ముఖం లేదు, గొంతు లేదు, చిరునామా లేదు. పేరున్న కంపెనీ లోగో మాత్రం ఉంది.

ఇలాంటి మోసాన్ని పసిగట్టడానికి పొడవాటి జాబితా బట్టీపట్టనక్కర్లేదు. మోసగాడికి కావలసినవి రెండే. ఒకటి, మీ డబ్బు తన చేతికి రావాలి. రెండు, తనెవరో మీకు తెలియకూడదు. మనం విడివిడిగా చెప్పుకునే ప్రమాద సంకేతాలన్నీ ఈ రెండు అవసరాల్లోంచే పుడతాయి. ఫీజు మొదటి దానికోసం. చాటింగ్‌లోనే ముగిసే ఇంటర్వ్యూ, కంపెనీది కాని ఈమెయిల్ రెండోదానికోసం. ఈ సంగతి మనసులో ఉంటే, రేపు మోసగాడు మాట మార్చినా వేషం మార్చినా గుర్తుపట్టవచ్చు.

మూడు రోజుల్లో 28,250 రూపాయలు

ఒక ఉదాహరణ చూద్దాం. నరసరావుపేటలో బీటెక్ పూర్తిచేసి ఏడాదిగా ఉద్యోగం వెతుక్కుంటున్న అమ్మాయి ఉందనుకోండి. పేరు లలిత అనుకుందాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు. ఇలాంటి మోసాలు మామూలుగా నడిచే వరుసను ఒకచోట కూర్చి చెబుతున్న ఉదాహరణ.

సోమవారం ఉదయం వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. ‘మీ రెజ్యూమె చూశాం, మా కంపెనీలో పోస్టుకు మిమ్మల్ని షార్ట్‌లిస్ట్ చేశాం’ అని. డీపీలో పెద్ద ఐటీ కంపెనీ లోగో. లలిత పూర్తి పేరు, చదివిన కాలేజీ, పాసైన సంవత్సరం అన్నీ సరిగ్గా రాశారు. తన వివరాలు ఇంత కచ్చితంగా తెలిశాయంటే నిజమైనవాళ్లేనని ఆమె అనుకుంది. ఆ వివరాలన్నీ ఆమె జాబ్ పోర్టల్‌లో పెట్టిన రెజ్యూమెలో ఉన్నవే. అది ఎవరి చేతికైనా చేరవచ్చు.

ఇంటర్వ్యూ అదేరోజు మధ్యాహ్నం టెలిగ్రామ్‌లో జరిగింది. ఒక్కో ప్రశ్న టైప్ చేసి పంపడం, ఆమె జవాబు టైప్ చేయడం. మీ బలాలేమిటి, ఒత్తిడిలో పనిచేయగలరా, ఐదేళ్ల తర్వాత ఎక్కడుండాలని కోరిక, ఇలాంటివి పది ప్రశ్నలు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగమన్నారు గానీ ప్రోగ్రామింగ్ గురించి ఒక్కమాట అడగలేదు. చివర ‘మీ జవాబులు మేనేజ్‌మెంట్ పరిశీలిస్తోంది, పదిహేను నిమిషాలు ఆగండి’ అన్నారు. ఆ పదిహేను నిమిషాలు గడిచాక ‘కంగ్రాచ్యులేషన్స్’ వచ్చింది. ఏడాదికి ఆరున్నర లక్షల ప్యాకేజీ, ఇంటి నుంచే పని. సాయంత్రానికల్లా లోగో, గుండ్రటి స్టాంపు, సంతకంతో ఆఫర్ లెటర్ పీడీఎఫ్ వచ్చేసింది. ఇంట్లో స్వీట్లు పంచారు.

మంగళవారం మొదటి ఫీజు అడిగారు. రిజిస్ట్రేషన్ కోసం 1,850 రూపాయలు, మొదటి జీతంతో కలిపి తిరిగి ఇచ్చేస్తామన్నారు. కట్టింది. సాయంత్రం బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కు 4,500 అడిగారు. బుధవారం ల్యాప్‌టాప్ సెక్యూరిటీ డిపాజిట్ 12,500 అన్నారు. అప్పుడు వాళ్ల నాన్నకు అనుమానం వచ్చింది.

“ఏమ్మా, ఉద్యోగం ఇచ్చేవాళ్లు మన దగ్గర ఇన్నిసార్లు తీసుకుంటారా?”

“రీఫండబుల్ అని లెటర్‌లోనే రాశారు నాన్నా. ఇప్పటికే ఆరువేలు దాకా కట్టాం. ఇప్పుడు వద్దంటే ఆ డబ్బూ పోతుంది, ఉద్యోగమూ పోతుంది.”

ఈ మోసం మొత్తం ఆ చివరి మాట మీదే నడుస్తుంది. మొదట అడిగింది చిన్న మొత్తం కాబట్టి కట్టేశారు. కట్టినది పోతుందన్న భయంతో తర్వాతది కట్టారు. చివరికి జీతం అకౌంట్ యాక్టివేషన్ పేరుతో ఇంకో 9,400 పోయాయి. మొత్తం 28,250. ఇక వద్దు, మా డబ్బు మాకివ్వండి అంటే, రీఫండ్ కావాలన్నా ప్రాసెసింగ్ ఫీజు కట్టాలన్నారు. ఆ తర్వాత నంబరు పనిచేయలేదు.

ఫీజు: పేరు ఏదైనా సంగతి ఒకటే

నియామకంలో డబ్బు ఒకే దిక్కుకు వెళుతుంది, కంపెనీ నుంచి ఉద్యోగికి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ కంపెనీ తన భద్రత కోసం చేయించుకునే పని. అందుకోసం ఒక ఏజెన్సీని పెట్టుకుని దాని బిల్లు కంపెనీయే కట్టుకుంటుంది. ల్యాప్‌టాప్ కంపెనీ ఆస్తి. చేరాక ఇస్తారు, లేదా కొరియర్‌లో పంపుతారు, తీసుకున్నట్టు సంతకం చేయించుకుంటారు. పోగొడితే చివరి సెటిల్‌మెంట్‌లో లెక్క చూసుకుంటారు. జీతం అకౌంట్ తెరవడానికి ఫీజు ఉండదు. అందువల్ల రిజిస్ట్రేషన్, ట్రైనింగ్, యూనిఫాం, గేట్ పాస్, మెడికల్ అంటూ ఏ పేరు చెప్పినా, చేరకముందే డబ్బు పంపమన్నారంటే అక్కడితో మాట ఆపేయాలి.

‘తిరిగి ఇచ్చేస్తాం’ అన్న మాట దీన్ని మార్చదు. తిరిగి ఇచ్చే ఉద్దేశం నిజంగా ఉంటే మొదటి జీతంలోనే కోసుకోవచ్చు కదా? ‘అలాగైతే నా జీతంలోంచి పట్టుకోండి’ అని రాసి చూడండి. మోసగాడు దానికి ఎప్పుడూ ఒప్పుకోడు. ఈ సాయంత్రం ఐదులోపు కట్టకపోతే సీటు వేరేవాళ్లకు పోతుందని తొందరపెడతాడు. ఆ తొందర ఎందుకంటే, మీరు ఇంకొకరిని అడిగే లోపు డబ్బు రావాలి.

డబ్బు పంపే ముందు ఫోన్ తెర మీద ఒకటి కనిపిస్తుంది, దాన్ని చాలామంది చూసీ చూడనట్టు వదిలేస్తారు. యూపీఐ ఐడీ కొట్టినా, క్యూఆర్ స్కాన్ చేసినా, పిన్ అడిగే ముందు డబ్బు ఎవరికి వెళుతుందో పేరు చూపిస్తుంది. ఆఫర్ లెటర్ మీద బహుళజాతి కంపెనీ పేరుండి, తెర మీద ఎవరో వ్యక్తి పేరో, ఏదో కిరాణా దుకాణం పేరో కనిపిస్తే ఇంకేమీ పరిశోధించనక్కర్లేదు. ‘అది మా అకౌంట్స్ మేనేజర్ పేరు’ అని సమాధానం సిద్ధంగా ఉంటుంది. కంపెనీలు ఉద్యోగుల సొంత ఖాతాల్లోకి డబ్బు వేయించుకోవు.

దీనికి మినహాయింపులు రెండున్నాయి, తెలుసుకోవాలి. ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షలకు దరఖాస్తు ఫీజు ఉంటుంది. అది నోటిఫికేషన్‌లో అచ్చయి ఉంటుంది, పరీక్షకు ముందే, అధికారిక వెబ్‌సైట్‌లోనే కడతాం. పరీక్ష రాశాక పోస్టు కోసం అడిగేది మాత్రం ఫీజు కాదు, మోసమో లంచమో. రెండోది విదేశీ ఉద్యోగాలు. కేంద్ర విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టరైన ఏజెంటు సర్వీసు ఛార్జీగా గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ తీసుకోవచ్చు. రసీదు ఇవ్వాలి. ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉందో లేదో emigrate.gov.in లో చూసుకోవచ్చు.

చాటింగ్‌లోనే ఇంటర్వ్యూ ఎందుకు?

మోసగాడు ఒకే సమయంలో పదుల మందితో మాట్లాడాలి. చాటింగ్‌లో అయితే ప్రశ్నలు ఒకచోట దాచుకుని అందరికీ అవే పంపవచ్చు. భాష, యాస బయటపడవు. ముఖం రికార్డు కాదు. పైగా టెలిగ్రామ్‌లో తన ఫోన్ నంబరు కనపడకుండా పెట్టుకోవచ్చు, సంభాషణను రెండు వైపులా చెరిపేయవచ్చు. కంపెనీకి ఇవేవీ అక్కర్లేదు. లక్షల జీతం ఇచ్చి మనిషిని తీసుకునేవాళ్లకు ఆ మనిషిని చూడాలని, పని తెలుసో లేదో పరీక్షించాలని ఉంటుంది. అందుకే అసలు ఇంటర్వ్యూలో ఇబ్బంది పెట్టే ప్రశ్నలు వస్తాయి. మీ ప్రాజెక్టులో మీరు స్వయంగా చేసిందేమిటని గుచ్చి అడుగుతారు. తెలియనిది తెలియదని బయటపడుతుంది. అందరూ పాసయ్యే ఇంటర్వ్యూ, గంటలో వచ్చే ఆఫర్ అనుమానించాల్సినవే.

అయితే వాట్సాప్ మెసేజ్ రాగానే మోసమని తీర్మానించడం కూడా తప్పు. నిజమైన రిక్రూటర్లు కూడా ఇవాళ వాట్సాప్‌లో పలకరిస్తారు, ఇంటర్వ్యూ టైము కుదుర్చుకుంటారు. మాట మొదలయ్యేది అక్కడ కావచ్చు, కానీ అక్కడే పూర్తి కాకూడదు. ఎక్కడో ఒకచోట కంపెనీ ఈమెయిల్ నుంచి ఇంటర్వ్యూ ఆహ్వానం రావాలి. ఎవరో ఒక మనిషి వీడియోలోనో, ఆఫీసులోనో ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. మర్యాదగా ఇలా అడగవచ్చు: ‘మీ ఆఫీస్ ఈమెయిల్ నుంచి మీటింగ్ లింక్ పంపండి, పది నిమిషాలు వీడియోలో మాట్లాడతాను.’ నిజమైన హెచ్ఆర్‌కు ఇందులో ఇబ్బంది లేదు. మోసగాడు మాత్రం సర్వర్ ప్రాబ్లమంటాడు, కంపెనీ పాలసీ అంటాడు, చివరికి ‘మీకు ఆసక్తి లేకపోతే చెప్పండి’ అని కోపం నటిస్తాడు. కొందరు వీడియోకి వస్తారు గానీ కెమెరా ఆపేసి ఉంచుతారు. దాన్ని చాటింగ్ కింద లెక్కేసుకోవాలి.

ఈమెయిల్‌ను కుడివైపు నుంచి చదవండి

ఈమెయిల్ వచ్చినప్పుడు పైన పెద్ద అక్షరాల్లో కనిపించే పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. ‘హెచ్ఆర్ డిపార్ట్‌మెంట్’ అని పేరు పెట్టుకోవడానికి అనుమతి అక్కర్లేదు. ఆ పేరు మీద నొక్కితే అసలు అడ్రస్ బయటపడుతుంది. అందులో @ గుర్తుకు కుడివైపున ఉన్న భాగమే ముఖ్యం, దాన్నే డొమైన్ అంటారు. ఒక కంపెనీ అసలు వెబ్‌సైట్ example.com అనుకుందాం. ఈ పేరు ఉదాహరణల కోసమే కేటాయించింది. ఈ అయిదు అడ్రసులు చూడండి.

```
hr@example.com
hr@careers.example.com
example.hr.dept@gmail.com
hr@example.com.careers-example.in
hr@exarnple.com
```

మొదటిది కంపెనీదే. రెండోదీ కంపెనీదే, ఎందుకంటే డొమైన్ చివర example.com తోనే ముగిసింది. దాని ముందు చుక్క పెట్టి ఏ మాట చేర్చాలన్నా ఆ డొమైన్ సొంతదారుకే వీలవుతుంది. మూడోది ఎవరైనా ఉచితంగా తెరుచుకునే జీమెయిల్. నాలుగోదాంట్లో కంపెనీ పేరు స్పష్టంగా ఉన్నా డొమైన్ ముగిసింది careers-example.in తో. అది పూర్తిగా వేరే మనిషి కొనుక్కున్న పేరు. ఏడాదికి కొన్ని వందల రూపాయలు కడితే ఇలాంటి పేరు ఎవరికైనా దొరుకుతుంది. అయిదోది మళ్లీ చదవండి. చుక్కకు ముందు m లేదు. r, n పక్కపక్కనే పెట్టారు. ఫోన్ తెర మీద ఆ రెండూ కలిసి m లాగే కనిపిస్తాయి.

ప్రభుత్వ సంస్థల పేరుతో వచ్చే మెయిల్స్‌కు ఇది ఇంకా తేలిక. gov.in, nic.in తో ముగిసే డొమైన్లు ప్రైవేటు వ్యక్తులకు ఇవ్వరు. రైల్వేలో ఉద్యోగమని జీమెయిల్ నుంచి ఉత్తరం వస్తే దాన్ని నమ్మనక్కర్లేదు.

దీనికీ ఒక పరిమితి ఉంది. ఊళ్లో ఉండే చిన్న కంపెనీ, స్కూలు, నర్సింగ్ హోమ్ జీమెయిల్ వాడటం మామూలే. వాటి విషయంలో నేరుగా వెళ్లి చూడవచ్చు కాబట్టి ఈమెయిల్ మీద ఆధారపడనక్కర్లేదు. వేలమంది ఉద్యోగులున్న కంపెనీ మాత్రం జీమెయిల్ నుంచి ఆఫర్ లెటర్ పంపదు. ఇంకో సంగతి, పంపినవారి అడ్రస్‌ను కూడా కొన్నిసార్లు నకిలీ చేయగలరు. అప్పుడు రిప్లై నొక్కి చూస్తే జవాబు వేరే అడ్రస్‌కు వెళుతున్నట్టు కనిపించవచ్చు.

అనుమానం తీరాలంటే ఒకటే పద్ధతి. ఆఫర్ లెటర్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేయొద్దు, అది మోసగాడి నంబరే. మెసేజ్‌లో ఇచ్చిన లింకూ నొక్కొద్దు. కంపెనీ వెబ్‌సైట్ అడ్రస్ మీరే టైప్ చేసి, అందులోని కెరీర్స్ పేజీలో ఆ పోస్టు ఉందో లేదో చూడండి. అక్కడున్న అడ్రస్‌కు మీ లెటర్ జతచేసి ‘ఇది మీరు పంపిందేనా?’ అని రాయండి. పెద్ద కంపెనీలు తమ కెరీర్స్ పేజీల్లో మేం ఏ ఫీజూ తీసుకోమని రాసి పెడుతున్నది ఈ మోసాల వల్లే. కంపెనీ పేరే ఎప్పుడూ వినకపోతే, mca.gov.in లో పేరు వెతికితే అది రిజిస్టరయిందా, ఏ సంవత్సరంలో, ఏ చిరునామాతో అన్నది తెలుస్తుంది. పాతికేళ్ల అనుభవమని చెప్పే కంపెనీ మొన్నటి ఏడాదే రిజిస్టరైతే అక్కడే ప్రశ్న వేయాలి.

ఆఫీసు ఉన్నా మోసమే కావచ్చు

ఈ పరీక్షలన్నీ దాటే మోసం ఒకటుంది, హైదరాబాద్‌లో చదువుకున్నవాళ్లకు బాగా తెలిసినదే. మాదాపూర్ చుట్టుపక్కల అద్దాల బిల్డింగులో ఒక ఫ్లోరు తీసుకుంటారు. రిసెప్షన్ ఉంటుంది, హెచ్ఆర్ ఉంటుంది, సొంత డొమైన్ ఉంటుంది, ఎదురుగా కూర్చోబెట్టి ఇంటర్వ్యూ కూడా చేస్తారు. ‘బ్యాక్‌డోర్’ అని లక్షా రెండు లక్షలు కట్టించుకుని ట్రైనింగ్ మొదలుపెడతారు. ఒకటి రెండు నెలలు జీతం పేరుతో కొంత ఇస్తారు. అది కూడా ఆ పిల్లలు కట్టిన డబ్బులోంచే. ఆ నమ్మకంతో ఇంకొందరు చేరతారు. ఒకరోజు వెళ్లేసరికి ఆఫీసుకు తాళం, బోర్డు తిప్పేశారు. ఇక్కడ ముఖం కనిపించింది, ఈమెయిల్ సరిగానే ఉంది, ఆఫీసు ఉంది. పట్టించగలిగిన సంకేతం ఒక్కటే, ఫీజు. అందుకే మిగతావన్నీ సరిగ్గా ఉన్నా సరే, డబ్బు అడిగారంటే వెనక్కి తిరిగి రావాల్సిందే.

డబ్బుతో పోని మోసం ఇంకొకటుంది. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు ఒక ముఠాను బయటపెట్టారు. విదేశాల్లో డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి, డబ్బు తీసుకుని మరీ యువకులను కాంబోడియాకు పంపారు. అక్కడ వాళ్లను నిర్బంధించి, భారతీయులనే ఆన్‌లైన్‌లో మోసం చేసే పని చేయించారు. విదేశంలో ఉద్యోగమని చెప్పి టూరిస్టు వీసా మీద వెళ్లమంటే, విమానం ఎక్కకూడదు.

డబ్బు పోతే మొదటి గంటలో

ఫీజు కట్టేశాక తెలిసిందనుకోండి. ఇంట్లో తిడతారని దాచుకోవద్దు. వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఇది సైబర్ ఆర్థిక మోసాల కోసం దేశమంతటికీ ఉన్న హెల్ప్‌లైన్. డబ్బు ఇంకా మోసగాడి ఖాతాలోనో, అక్కడి నుంచి వెళ్లిన రెండో ఖాతాలోనో ఉంటే బ్యాంకు ద్వారా అక్కడే నిలిపివేయించే ప్రయత్నం చేస్తారు. ఆలస్యమైనకొద్దీ అది ఖాతాలు మారుతూ ఏటీఎంలోంచి బయటికి వెళ్లిపోతుంది. అందుకే గంటలు లెక్కలోకి వస్తాయి. ఫోన్ చేసేటప్పుడు ప్రతి చెల్లింపు తేదీ, మొత్తం, యూపీఐ యాప్‌లో కనిపించే లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకోండి. తర్వాత cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేయాలి. కోపంతో చాట్ డిలీట్ చేయొద్దు, నంబరు బ్లాక్ చేసే ముందు స్క్రీన్‌షాట్లు తీసుకోండి.

ఆధార్, పాన్ కాపీలు పంపి ఉంటే ఇంకో పని ఉంది. వాటితో మీ పేరు మీద సిమ్ తీసుకోవచ్చు, అప్పు తీసుకోవచ్చు. sancharsaathi.gov.in లో మీ పేరు మీద ఎన్ని మొబైల్ కనెక్షన్లున్నాయో చూసి, మీది కానిదాన్ని తీసేయమని కోరవచ్చు. క్రెడిట్ బ్యూరోల నుంచి ఏడాదికోసారి ఉచితంగా వచ్చే రిపోర్టులో మీకు తెలియని అప్పుందేమో చూసుకోండి. ‘జీతం అకౌంట్’ అని కొత్తగా ఖాతా తెరిపించి పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ అడిగితే అసలే ఇవ్వొద్దు. వేరేవాళ్లను మోసం చేసిన డబ్బు ఆ ఖాతాలోకి వస్తుంది, పోలీసులు మొదట వెతుక్కుంటూ వచ్చేది ఖాతాదారు ఇంటికే. కొన్ని రోజులకు ‘మీ పోయిన డబ్బు రాబట్టి ఇస్తాం’ అంటూ ఎవరో ఫోన్ చేస్తారు. అది కూడా అదే ముఠా పని కావచ్చు. 1930కీ, పోలీసు ఫిర్యాదుకూ రుసుము లేదు.

ఇంట్లో ఉద్యోగం వెతుక్కుంటున్న పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక మాట. ‘ఇంకా ఉద్యోగం రాలేదా’ అని రోజూ అడిగే ఇంట్లో, పిల్లలు ఫీజు సంగతి చెప్పకుండా స్నేహితుల దగ్గర అప్పుచేసి కడతారు. ఆఫర్ లెటర్ వచ్చిన రోజు స్వీట్లు పంచే ముందు పక్కన కూర్చుని మూడు ప్రశ్నలు అడగండి: నీతో మాట్లాడిన మనిషిని చూశావా? మెయిల్ ఏ డొమైన్ నుంచి వచ్చింది? డబ్బేమైనా అడిగారా? మూడో ప్రశ్నకు అవునని జవాబొస్తే మొదటి రెండింటి జవాబులు ఎంత బాగున్నా సరే, ఒక్క రూపాయి కూడా పంపనివ్వకండి.